ఆగస్టు కరెంటు బిల్లులో ఆ 159 రూపాయలు ఎక్కడివి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది నెల్లూరు, అద్దె ఇల్లు, మూడు కిలోవాట్ల కనెక్షన్. జూలైలో 219 యూనిట్లకు 1,217 రూపాయలు వచ్చింది. ఆగస్టులో 238 యూనిట్లకు 1,376. పందొమ్మిది యూనిట్లు పెరిగితే 159 రూపాయలు పెరగడమేంటి? బిల్లులో ఎనర్జీ ఛార్జీలు 1,130.75, ఫిక్స్‌డ్ 30, కస్టమర్ 40, డ్యూటీ 14.28, ఎఫ్‌పీపీసీఏ 108.40, ట్రూ అప్ 52.36 అని ఉన్నాయి. ఎఫ్‌పీపీసీఏ యూనిట్‌కు 40 పైసలని పేపర్లో చదివాను. 238ని 40 పైసలతో గుణిస్తే 95.20 రావాలి కదా! పక్కింటావిడ 225 దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ పెద్ద రేటు పడుతుందంటారు. హైదరాబాద్‌లో ఉన్న మా అక్క ఒక్క యూనిట్ దాటినా బిల్లు తారుమారవుతుందంటుంది. రీడింగ్‌లు 7412, 7650. తేదీలు జూలై 4, ఆగస్టు 6. ఈ బిల్లు సరైనదేనా? నేనే ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: బిల్లులో కూడికల తప్పు లేదు. కరెంటు కొనే ఖర్చులో వచ్చిన తేడాకు వేసే ఎఫ్‌పీపీసీఏ లెక్కా సరిగానే ఉంది, అది ఈ నెల యూనిట్ల మీద వేసింది కాదు, అంతే. అయితే మీరు అడగని చోట ఒక సంగతి ఉంది. అది రీడింగ్ తేదీల్లో ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు కాగితం, పెన్ను తీసుకోండి.

మొదట యూనిట్లు. 7650లోంచి 7412 తీసేస్తే 238. ఈ తీసివేత అందరూ చేస్తారు. ఆ 7650 నిజంగా మీ మీటర్‌లో కనిపించిన అంకేనా అన్నది మాత్రం చాలామంది చూడరు. డిజిటల్ మీటర్ తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. తేదీ, సమయం, గరిష్ఠ లోడు, ఇంకా ఏవేవో వస్తాయి. మీకు కావలసింది పక్కన kWh అని ఉన్న అంకె. కొన్ని మీటర్లలో kVAh అని మరొకటి కూడా వస్తుంది, ఇంటి బిల్లుకు దాన్ని తీసుకోరు. ఈ రోజు మీటర్ చూసినప్పుడు kWh అంకె 7650 కన్నా కాస్త ఎక్కువగా, గడిచిన రోజులకు తగ్గట్టు ఉంటే రీడింగ్ నిజమైనదే. 7650 కన్నా తక్కువ ఉంటే మాత్రం తప్పుగా ఎక్కించారన్నమాట. వెంటనే ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ఎనర్జీ ఛార్జీలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఒకే వరుస శ్లాబులు ఉన్నాయి. మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90. ఆ తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆ పైన 9.75. ప్రతి శ్లాబులో పడిన యూనిట్లకు మాత్రమే ఆ శ్లాబు రేటు పడుతుంది. ముందు శ్లాబుల్లో నిండిన యూనిట్ల రేటు మారదు.

మీ 238ని అలా విడదీద్దాం. మొదటి 30 యూనిట్లకు 57 రూపాయలు. తర్వాతి 45కు 135, కలిపితే 192. ఆ పై 50 యూనిట్లకు 225, కలిపితే 417. ఆ తర్వాతి 100 యూనిట్లకు 600, మొత్తం 1,017. ఇక్కడికి 225 యూనిట్లు అయ్యాయి. మిగిలినవి 13. వాటికి 8.75 చొప్పున 113.75. మొత్తం 1,130.75. మీ బిల్లులో ఉన్నదీ పైసలతో సహా అదే.

ఈ 57, 192, 417, 1,017 అనే నాలుగు అంకెలూ ఒక చీటీ మీద రాసి మీటర్ పక్కన అంటించుకుంటే ఇక ప్రతి నెలా మొదటి నుంచి గుణించక్కర్లేదు. మీ యూనిట్లు 125, 225 మధ్య ఉంటే 417కు, 125 దాటిన ప్రతి యూనిట్‌కు ఆరు రూపాయలు కలపండి. 225 దాటితే 1,017తో మొదలుపెట్టండి. జూలైలో మీరు వాడిన 219 యూనిట్లు చూడండి: 417కు, 94 యూనిట్ల 564 కలిపితే 981. ఆగస్టు 1,130.75లోంచి 981 తీసేస్తే 149.75. మీరు అడిగిన 159లో దాదాపు అంతా ఇదే. పెరిగిన 19 యూనిట్లలో ఆరింటికి ఆరు రూపాయల చొప్పున 36, పదమూడింటికి 8.75 చొప్పున 113.75 పడ్డాయి. మిగిలిన తొమ్మిది రూపాయల చిల్లర డ్యూటీ, ఎఫ్‌పీపీసీఏ, ట్రూ అప్‌లలో పెరిగింది.

పక్కింటావిడ చెప్పింది ఈనాటి లెక్క కాదు. అదే నిజమైతే 238కి 8.75 చొప్పున ఎనర్జీ ఛార్జీలే 2,082.50 వచ్చి ఉండేవి. కానీ ఆవిడ ఊహించి చెప్పిందీ కాదు. 2022 ఏప్రిల్‌కు ముందు మన దగ్గర వినియోగదారులను ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీసేవారు. 225 దాటితే సీ గ్రూపు. గ్రూపు మారితే కింది యూనిట్ల రేట్లు కూడా మారేవి. ఆ రోజుల్లో దెబ్బతిన్నవాళ్లకు 225 అంటే ఇంకా భయమే.

మీ అక్కగారి మాట హైదరాబాద్‌లో ఇప్పటికీ నిజం. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద 3.40, రెండో వంద 4.80 చొప్పున, అంటే సరిగ్గా 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందంటే ఇల్లు వేరే వర్గంలోకి వెళ్లిపోతుంది. మొదటి 200కే 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కు 7.70, మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు పెరిగినట్టు. గృహజ్యోతి కింద 200 వరకు సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే ఆ ఒక్క యూనిట్ మరీ ఖరీదు, ఎందుకంటే ఉచితం పోయి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. అక్కడి శ్లాబుల సలహా ఇక్కడికి, ఇక్కడి సలహా అక్కడికి మార్చుకుంటే లెక్క ఎప్పటికీ కుదరదు. మీ ఇంట్లో 226వ యూనిట్ ఖరీదు 8.75, అంతకు మించి ఏమీ లేదు.

ఫిక్స్‌డ్ ఛార్జీ వాడకంతో సంబంధం లేనిది. మీ కనెక్షన్‌కు రాసుకున్న లోడు మీద కిలోవాట్‌కు నెలకు పది రూపాయలు. మూడు కిలోవాట్లకు 30. ఇల్లు నెలంతా తాళం వేసి ఉన్నా ఇది వస్తుంది. బిల్లు మీద లోడు ఎంతని ఉందో ఒక్కసారి చూడండి. యజమాని కనెక్షన్ తీసుకున్నప్పుడు రెండు కిలోవాట్లు రాసి, తర్వాత ఏసీ, గీజర్ పెట్టి ఉంటే మీటర్ నమోదు చేసే గరిష్ఠ లోడు ఆ రెండును దాటుతుంది. అప్పుడు అదనపు లోడును క్రమబద్ధం చేసుకోమని నోటీసు వస్తుంది. ఆ ఖర్చు ఎవరిదో యజమానితో ముందే తేల్చుకోవలసిన విషయం. మీ బిల్లులో మూడని ఉంది, ఛార్జీ కూడా మూడింటికే పడింది కాబట్టి ఇబ్బంది లేదు. కస్టమర్ ఛార్జీ బిల్లుకు ఇంతని ఒకటే మొత్తంగా పడుతుంది, యూనిట్లు పెరిగే కొద్దీ మెట్లు మెట్లుగా పెరుగుతుంది. డ్యూటీ ప్రభుత్వానికి వెళ్లేది. ఇళ్లకు యూనిట్‌కు ఆరు పైసలు, 238కి 14.28. అదీ సరిపోయింది.

ఇప్పుడు మీకు నిజంగా అనుమానం కలిగించిన చోటికి వద్దాం.

మన ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, అంటే డిస్కం, కరెంటు కొనే ఖర్చు ప్రతి నెలా ఒకేలా ఉండదు. బొగ్గు ధర పెరగవచ్చు, డిమాండ్ ఎక్కువై మార్కెట్‌లో ఎక్కువ రేటుకు కొనవలసి రావచ్చు. రేట్లు నిర్ణయించేటప్పుడు విద్యుత్ నియంత్రణ కమిషన్ ఒప్పుకున్న ఖర్చుకు, నిజంగా అయిన ఖర్చుకు ఉన్న తేడాను వినియోగదారుల దగ్గర వసూలు చేసేదే ఎఫ్‌పీపీసీఏ. 2023 ఏప్రిల్ వాడకం నుంచి దీన్ని యూనిట్‌కు 40 పైసలకు మించకుండా నెల నెలా వేస్తున్నారు. ఆ నెల లెక్కలు తేలడానికి సమయం పడుతుంది కాబట్టి వసూలు రెండు నెలలు ఆలస్యంగా ఉంటుంది. ఏప్రిల్ బిల్లులోని యూనిట్లకు జూన్ బిల్లులో, జూన్ బిల్లులోని యూనిట్లకు ఆగస్టు బిల్లులో పడుతుంది.

కాబట్టి మీరు గుణించాల్సింది 238ని కాదు, జూన్ బిల్లులోని యూనిట్లను. ఆ బిల్లు దొరక్కపోతే ఇలా చేయండి. 108.40ని 40 పైసలతో భాగిస్తే 271 వస్తుంది. పైసా కూడా మిగలకుండా పూర్తి అంకె వచ్చింది. అంటే మీ జూన్ బిల్లు 271 యూనిట్లదై ఉండాలి. నెల్లూరు ఎండల్లో ఏసీ, కూలర్ నడిచిన నెలకు అది నమ్మదగ్గ అంకే. డిస్కం వెబ్‌సైట్‌లో మీ సర్వీస్ నంబర్ కొట్టి పాత బిల్లులు తెరిచి జూన్ యూనిట్లు చూడండి. 271 ఉంటే ఈ వరుస సరైనది. వేరే అంకె ఉంటే అప్పుడు ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే.

ట్రూ అప్ అంటే డిస్కం ఖర్చులో తర్వాత తేలిన తేడాను వసూలు చేసేది, ఆ వరుసకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. 52.36ను 238తో భాగిస్తే సరిగ్గా 22 పైసలు. 271తో భాగిస్తే 19 పైసల చిల్లర, 219తో భాగిస్తే 23 పైసల చిల్లర, రెండూ తెగని అంకెలు. చక్కగా తెగిన చోటే ఆ ఛార్జీ ఏ నెల యూనిట్ల మీద వేశారో తెలిసిపోతుంది. ఇక్కడ ఈ నెల వాడకం మీదే వేశారు. సర్‌ఛార్జీ వరుసలన్నీ ఒకే నెల యూనిట్ల మీద ఉంటాయని అనుకోవడంతోనే చాలామంది లెక్క తప్పుతుంది. ఒకటి ఈ నెలది, ఇంకొకటి రెండు నెలల కిందటిది కావచ్చు. మూడోది ఇంకా పాతది కూడా కావచ్చు.

ఆ మూడోది అద్దెకున్నవాళ్లకు బాగా నొప్పి కలిగించేది. సంవత్సరం పూర్తయ్యాక నెలవారీ 40 పైసలకు పైన మిగిలిన ఖర్చును కమిషన్ పరిశీలించి, ఎంత ఒప్పుకుంటే అంత తర్వాతి నెలల్లో వసూలు చేయనిస్తుంది. నెలవారీ పద్ధతి రాకముందుదైన 2022–23 సంవత్సరపు తేడా వసూలు 2024 డిసెంబర్ బిల్లుల నుంచి మొదలైంది. ఇలాంటి పాత సంవత్సరపు వసూలును కొన్నిసార్లు ఆ పాత నెలల్లో అదే సర్వీసు మీద వాడిన యూనిట్లను బట్టి వేస్తారు. ఛార్జీ సర్వీస్ నంబర్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, మనిషిని కాదు. అప్పట్లో ఆ ఇంట్లో వేరే కుటుంబం ఉండి బాగా వాడి ఉంటే, ఆ తేడా ఇప్పుడు మీ బిల్లులో కనబడుతుంది. నా దృష్టిలో ఇది అన్యాయమే, కానీ బిల్లు వేసినవాళ్ల పొరపాటు కాదు. మీ బిల్లులో అలాంటి వరుస ఇప్పుడు లేదు. ఎప్పుడైనా వస్తే, మొత్తాన్ని ఈ నెల యూనిట్లతో, రెండు నెలల కిందటి యూనిట్లతో భాగించి చూడండి. రెండింటితోనూ తెగకపోతే అది పాత సంవత్సరానిది కావచ్చు. మీరు ఆ ఇంట్లో దిగిన తేదీ చూపించి, ఆ భాగం భరించమని యజమానిని అడగండి. అద్దె ఒప్పందం తిరిగి రాసుకునేటప్పుడు ఈ మాట కూడా రాయించుకుంటే తర్వాత మాటలు పెరగవు.

అన్నీ కూడితే 1,130.75, 30, 40, 14.28, 108.40, 52.36, మొత్తం 1,375.79. రూపాయికి సవరించి 1,376 చేశారు. పాత బకాయి గానీ, ఆలస్యపు రుసుము గానీ కలవలేదు.

ఎప్పుడైనా బిల్లుతో పాటు ఏసీడీ అనే పెద్ద మొత్తం అడిగితే కంగారు పడకండి. అది ఛార్జీ కాదు, డిపాజిట్. నిరుటి వాడకం సగటును బట్టి రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఉండాలని అడుగుతారు. దాని మీద వడ్డీ కూడా ఇస్తారు. అయితే డబ్బు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో జమ అవుతుంది. అద్దెకున్న మీరు కడితే యజమాని దగ్గర రసీదు రాయించుకోండి, లేదా అద్దెలో తగ్గించుకోండి.

ఇక తేదీల సంగతి. జూలై 4 నుంచి ఆగస్టు 6 వరకు 33 రోజులు. 238 యూనిట్లను 33తో భాగిస్తే రోజుకు ఏడు యూనిట్ల పైచిలుకు. అదే వాడకం 30 రోజులకైతే 216 యూనిట్లు. అంటే మీరు 225 దాటింది మూడు రోజులు ఆలస్యంగా రీడింగ్ తీయడం వల్లే. నిజానికి జూలై కన్నా మీరు విచ్చలవిడిగా వాడిందేమీ లేదు. ఆ 13 యూనిట్లూ సెప్టెంబర్ బిల్లులో ఆరు రూపాయల శ్లాబులో పడి ఉంటే 35 రూపాయల 75 పైసలు మిగిలేవి.

ఇది ఈ ఒక్క నెలలో జరిగితే పెద్ద నష్టం కాదు. సెప్టెంబర్ 4న రీడింగ్ తీస్తే ఆ బిల్లు 29 రోజులదే అవుతుంది, యూనిట్లు తగ్గుతాయి, కొంత సర్దుకుంటుంది. రీడింగ్ తేదీ ప్రతి నెలా ఇంకా ఆలస్యమవుతూ పోతేనో, ఇంటికి తాళం ఉందని ఒక నెల మానేసి రెండు నెలలకు కలిపి తీస్తేనో ఊరుకోకూడదు. శ్లాబులు నెలకు సంబంధించినవి. అరవై రోజుల యూనిట్లను ఒకే నెల వాడకంగా తీసుకుంటే సగం యూనిట్లు 8.75లోకి, ఇంకా పైకి వెళ్లిపోతాయి. 2020లో లాక్‌డౌన్ తర్వాత తెలంగాణలో మూడు నెలల రీడింగ్ ఒకేసారి తీసినప్పుడు నెలవారీ సగటు కట్టి శ్లాబులు వేశారు. మీకూ అలాంటి బిల్లు వస్తే అదే కోరండి: మొత్తం యూనిట్లను నెలలుగా విడదీసి, ఏ నెలకు ఆ నెల శ్లాబులు వేయమని.

ఫిర్యాదుకు 1912కు ఫోన్ చేయవచ్చు. నంబర్ ఇస్తారు, రాసి పెట్టుకోండి. రీడింగ్ తప్పైతే సెక్షన్ ఆఫీసులో ఏఈ దగ్గరికి, లెక్క తప్పైతే రెవెన్యూ ఆఫీసు, అంటే ఈఆర్‌వో దగ్గరికి వెళ్లండి. రెండు చోట్లా నోటిమాటగా చెప్పి రాకుండా, రెండు రీడింగ్‌లు, రెండు తేదీలు, మీరు కట్టిన లెక్క ఒక కాగితం మీద రాసి, మీటర్ ఫొటో జతచేసి ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే డిస్కంలోనే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆ రెండు చోట్లా మీరు మొదట ఇచ్చిన కాగితాన్నే అడుగుతారు.

ఈ ఆగస్టు బిల్లుకు మాత్రం ఫిర్యాదు అవసరం లేదు, గడువు లోపల కట్టేయండి. సెప్టెంబర్ 4న పొద్దున మీటర్‌లో kWh అంకెను ఫొటో తీసుకోండి. బిల్లు ఇచ్చే మనిషి ఆ రోజు రాకపోతే వచ్చిన రోజున ఇంకో ఫొటో తీయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎన్ని యూనిట్లో, అవి ఏ శ్లాబులో పడ్డాయో చూస్తే ఆలస్యం మీకు ఎన్ని రూపాయలు పడిందో అప్పటికప్పుడే తెలుస్తుంది.